స్ప్లీన్ తీసేసినవాళ్ళకి జ్వరం వస్తే: మందుల షాపులో నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు, నా జవాబులు

నేను విశాఖ గాజువాకలో ఒక మెడికల్ షాపులో ఫార్మసిస్ట్‌ని. మా తమ్ముడికి స్ప్లీన్ లేదు. అది లేకపోతే ఏమవుతుందో మా ఇంట్లో ఎవరికీ తెలియక 2023 నవంబర్‌లో వాడు చావు దాకా వెళ్ళొచ్చాడు. అప్పటినుంచి నాకు తెలిసినవాళ్ళు, వాళ్ళకి తెలిసినవాళ్ళు ఇదే విషయం మీద నన్ను అడుగుతూనే ఉన్నారు, అందుకే అన్నీ ఒకచోట రాస్తున్నాను. నేను డాక్టర్‌ని కాదు కాబట్టి ఇందులో మోతాదులు కనిపించిన చోటల్లా మీ డాక్టర్‌తో ఒకసారి చెప్పించుకోండి. కానీ చదవడం మాత్రం ఆరోగ్యంగా ఉన్న రోజునే చదవండి, జ్వరం వచ్చాక వెతుక్కుంటే టైం ఉండదు.

స్ప్లీన్ అంటే ఏది? అది లేకపోయినా బతకొచ్చు అన్నారు కదా?

పుస్తకాల్లో ప్లీహం అంటారు. మన పెద్దవాళ్ళు "కడుపులో బల్ల పెరిగింది" అనేవారే, ఆ బల్ల ఇదే. ఎడమవైపు పక్కటెముకల కింద, పిడికిలి అంత ఉంటుంది. లేకపోయినా బతకొచ్చన్న మాట నిజమే. మా తమ్ముడు ఆపరేషన్ అయిన మూడు నెలలకి డ్యూటీకి వెళ్ళాడు, క్రికెట్ కూడా ఆడాడు. రోజువారీ బతుకులో ఏ లోటూ కనిపించదు, చిక్కంతా అక్కడే ఉంది. స్ప్లీన్ లేని లోటు ఒకే ఒక్క సందర్భంలో బయటపడుతుంది. కొన్ని రకాల బాక్టీరియా రక్తంలోకి దిగినప్పుడు. అలాంటప్పుడు మామూలు మనిషికి రోజులు పట్టే జబ్బు వీళ్ళకి గంటల్లో ముదురుతుంది.

ఏ బాక్టీరియా? అన్ని ఇన్ఫెక్షన్లూ ప్రమాదమేనా?

అన్నీ కాదు. జలుబు, వైరల్ జ్వరం, డెంగీ లాంటివి వీళ్ళకీ అందరికీ వచ్చినట్టే వస్తాయి, పోతాయి. భయపడాల్సింది ఒంటి చుట్టూ జిగురు తొడుగు ఉన్న బాక్టీరియా గురించి. ముఖ్యమైనవి మూడు: న్యుమోకాకస్, మెనింగోకాకస్, హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజా బి రకం, దీన్నే హిబ్ అంటారు. వీటిలో అసలు విలన్ న్యుమోకాకస్, ఇలాంటి కేసుల్లో సగానికి పైగా దాని పనే.

తొడుగు వల్ల తేడా ఏంటో మా అమ్మకి ఇలా చెప్పాను, వెంటనే అర్థమైంది. కొరమీను ఒళ్ళంతా జారుడు కదా, ఉత్త చేతులతో పట్టుకుంటే జారిపోతుంది, అందుకే బూడిద రాసి పట్టుకుంటాం. మన తెల్లరక్తకణాలకి ఈ బాక్టీరియా అలాగే జారిపోతాయి. యాంటీబాడీలు వాటికి అతుక్కున్నాకే పట్టు దొరుకుతుంది, అంటే యాంటీబాడీలే ఆ బూడిద. స్ప్లీన్ ఇక్కడ రెండు పనులు చేస్తుంది. ఈ జారుడు క్రిములకి సరిపోయే యాంటీబాడీలని త్వరగా తయారుచేసే కణాలు ఎక్కువగా అక్కడే ఉంటాయి. రెండోది, రక్తం అక్కడి సన్నటి సందుల్లోంచి నెమ్మదిగా వడకట్టుకుంటూ వెళ్తుంది కాబట్టి, బూడిద సరిగా అంటని క్రిమి కూడా అక్కడ దొరికిపోతుంది. లివర్ కూడా వడకడుతుంది కానీ బాగా బూడిద అంటినవాటినే అది పట్టగలదు. స్ప్లీన్ తీసేస్తే ఈ రెండు పనులూ ఒకేసారి ఆగిపోతాయి, రక్తంలో క్రిములు అడ్డూ అదుపూ లేకుండా పెరుగుతాయి.

మీ తమ్ముడికి ఏం జరిగింది?

2018లో లంకెలపాలెం దగ్గర హైవే మీద బైక్ యాక్సిడెంట్. స్ప్లీన్ చిట్లి కడుపులో రక్తం నిండిపోతే ఆ రాత్రే ఆపరేషన్ చేసి తీసేశారు. ప్రాణం నిలబెట్టారు, ఆ డాక్టర్లకి ఈరోజుకీ దండం పెడతాను. కానీ డిశ్చార్జ్ కాగితాల్లో నాలుగు పేజీలుంటే మూడో పేజీలో "స్ప్లీనెక్టమీ చేశాం" అన్న ఒక్క లైనే ఉంది. టీకాల మాట లేదు, జ్వరం మాట లేదు. కుట్లు విప్పించుకోడానికి మళ్ళీ వెళ్ళినప్పుడూ ఎవరూ చెప్పలేదు. నేను ఫార్మసిస్ట్‌ని అయ్యుండి అడగలేదు. ఆ విషయం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

ఐదేళ్ళు ఏమీ కాలేదు. 2023 నవంబర్‌లో ఒక శనివారం సాయంత్రం ఆరింటికి వాడికి చలి మొదలైంది. మామూలు చలి కాదు, రెండు దుప్పట్లు కప్పినా మంచం కదిలేంత వణుకు. ఒళ్ళు నొప్పులు, ముఖ్యంగా పిక్కలు పట్టేసినట్టు నొప్పి, రెండుసార్లు వాంతి. ఎనిమిదింటికి పారాసెటమాల్ 650 వేసుకున్నాడు, చెమట పట్టి కాస్త తగ్గింది. వీధిలో ఆర్ఎంపీ వచ్చి చూసి మలేరియా అయ్యుంటుంది, పొద్దున్న రక్తపరీక్ష చేయిద్దాం అని ఒక ఇంజెక్షన్ ఇచ్చి వెళ్ళాడు. పది గంటలకి మళ్ళీ 103. రాత్రి రెండింటికి విరేచనాలు. ఏదో తిన్నది పడలేదనుకున్నాం. ఐదింటికి మరదలు ఫోన్ చేసి "బావగారూ, కాళ్ళు చల్లగా ఐపోయాయి, మాట తడబడుతోంది" అంది. నేను వెళ్ళి లైటు వేసి చూస్తే పెదాలు నీలంగా ఉన్నాయి, చెవి తమ్మెల మీద, రెండు పాదాల మీద నేరేడుపండు రంగు మచ్చలు. వేలితో గట్టిగా నొక్కాను, ఆ రంగు పోలేదు. నాకు అప్పుడు అర్థమైంది ఇది మలేరియా కాదని.

ఆరున్నరకి ఎమర్జెన్సీలో ఉన్నాం. బీపీ 70/40. ప్లేట్‌లెట్లు ముప్పై ఎనిమిది వేలు. చలి మొదలై పన్నెండున్నర గంటలు, అంతే. అక్కడ డ్యూటీలో ఉన్న అమ్మాయి, చిన్న డాక్టరే, కడుపు మీద నిలువు కుట్ల మచ్చ చూసి "ఇదేం ఆపరేషన్?" అని అడిగింది. స్ప్లీన్ అనగానే ఇంకో ప్రశ్న లేకుండా కల్చర్‌కి రక్తం తీసి, వెంటనే సెఫ్ట్రియాక్సోన్, వాంకోమైసిన్ ఎక్కించింది. మర్నాటికి ఆ రక్తంలో న్యుమోకాకస్ పెరిగింది. ఆరు రోజులు వెంటిలేటర్, మూడుసార్లు డయాలసిస్. రక్తం చిన్న చిన్న నాళాల్లో గడ్డకట్టేయడం వల్ల ఎడమకాలి వేళ్ళు నల్లబడి నాలుగు తీసేయాల్సి వచ్చింది. వాడు బతికాడు. ఇదే జబ్బులో సగం మంది దాకా బతకరు, ఆ లెక్క నాకు తర్వాత తెలిసింది.

మామూలు జ్వరానికీ దీనికీ తేడా ఎలా కనిపెట్టాలి?

మొదటి గంటల్లో కనిపెట్టలేరు. ఇంట్లో వాళ్ళే కాదు, డాక్టర్ కూడా స్టెతస్కోప్ పెట్టి చెప్పలేరు. మొదట ఇది అచ్చం ఫ్లూ లాగానే ఉంటుంది: చలి, వణుకు, తలనొప్పి, ఒళ్ళు నొప్పులు, వాంతులు, విరేచనాలు. న్యుమోనియా లాగ దగ్గు ఉండాలని లేదు, చాలామందికి ఇన్ఫెక్షన్ ఎక్కడ మొదలైందో కూడా దొరకదు. పట్టుకునేలా కనిపించే గుర్తులు, అంటే నొక్కినా పోని ఊదా మచ్చలు, చల్లబడ్డ కాళ్ళుచేతులు, మాట తడబడటం, ఒంటేలు తగ్గిపోవడం, ఇవి వచ్చేసరికి చాలా ఆలస్యం అయిపోయినట్టు.

అందుకే తేడా కనిపెట్టడానికి ప్రయత్నించొద్దు. స్ప్లీన్ లేని మనిషికి 100.4 ఫారన్‌హీట్ దాటిన జ్వరం గానీ, థర్మామీటర్ ఏం చూపించినా సరే గట్టి వణుకు గానీ వస్తే అది ఎమర్జెన్సీ, వైరల్ అని తేలేదాకా అలాగే చూడాలి. మన దగ్గర "మూడు రోజులు చూద్దాం, తగ్గకపోతే వెళ్దాం" అనే అలవాటు ఉంది కదా, మిగతావాళ్ళకి అది చాలావరకు సరిపోతుంది. వీళ్ళకి మూడో రోజు ఉండకపోవచ్చు.

పారాసెటమాల్ వేసుకోవచ్చు, తప్పులేదు. కానీ అది వేసుకున్నాక జ్వరం దిగిందని ఆగిపోవద్దు. మా వాడు ఆ రాత్రి చెమట పట్టి కాస్త తేరుకున్న రెండు గంటలే మమ్మల్ని మోసం చేశాయి.

సరే, జ్వరం వచ్చింది. వరసగా ఏం చేయాలి?

ముందుగా ఇంట్లో దాచుకున్న యాంటీబయాటిక్ మొదటి డోసు వెంటనే మింగాలి. దాన్ని ముందే డాక్టర్‌తో రాయించుకుని ఉంచుకోవాలి. పెద్దవాళ్ళకి ఎక్కువగా రాసేది అమాక్సిసిలిన్-క్లావులనేట్, షాపులో 1 గ్రాము మాత్ర అని అడిగితే ఇచ్చేది, అందులో 875 మిల్లీగ్రాములు అమాక్సిసిలిన్, 125 క్లావులనేట్ ఉంటాయి. పెన్సిలిన్ పడనివాళ్ళకి లీవోఫ్లాక్సాసిన్ 750 లాంటిది రాస్తారు. పిల్లలకి బరువుని బట్టి సిరప్, ఆ లెక్క పిల్లల డాక్టర్ కాగితం మీద రాసి ఇవ్వాలి, మీరు ఊహించి పోయకూడదు.

మాత్ర మింగిన తర్వాత, వెంటనే ఆసుపత్రికి బయలుదేరాలి. ఈ రెండో భాగం దగ్గరే జనం తప్పు చేస్తారు. మాత్ర వేసుకున్నాం కదా, పొద్దున్న చూద్దాం అనుకుంటారు. ఆ మాత్ర దారిలో కాస్త టైం సంపాదించిపెట్టడానికే తప్ప వైద్యం కాదు. పైగా వాంతులవుతుంటే అది కడుపులో నిలవనే నిలవదు. క్లినిక్ వద్దు, ల్యాబ్ వద్దు, రక్తపరీక్ష రిపోర్టు పట్టుకుని వెళ్దామనీ వద్దు. రాత్రంతా ఎమర్జెన్సీ, ఐసీయూ ఉండే పెద్ద ఆసుపత్రికి నేరుగా వెళ్ళండి. విశాఖలో పెద్ద సర్కారు ఆసుపత్రి కేజీహెచ్ క్యాజువాలిటీ కావొచ్చు, మీ ఇంటికి దగ్గర్లో ఐసీయూ ఉన్న ప్రైవేటు ఆసుపత్రి కావొచ్చు, ఏదో ముందే ఒకటి అనుకుని ఉంచుకోండి. బండి మీద వెనక కూర్చోబెట్టి తీసుకెళ్ళకండి, మధ్యలో స్పృహ తప్పొచ్చు. 108కి ఫోన్ చేయండి, లేదా కారు, ఆటో.

ఎమర్జెన్సీలో ఏమని చెప్పాలి? అక్కడ మనల్ని కూర్చోబెడితే?

మొదటి వాక్యం జ్వరం అని మొదలుపెట్టకండి. వర్షాకాలంలో క్యాజువాలిటీలో జ్వరం అని వచ్చినవాళ్ళు పదిమంది కూర్చుని ఉంటారు, మీరు పదకొండోవారు అవుతారు. "ఈయనకి స్ప్లీన్ లేదు, జ్వరం వచ్చింది, సెప్సిస్ ఏమో చూడండి" అని మొదలుపెట్టండి. సెప్సిస్ అంటే ఇన్ఫెక్షన్ ముదిరి ఒళ్ళంతా దెబ్బతినడం, మా తమ్ముడికి వచ్చింది అదే. అర్థంకాని కుర్ర స్టాఫ్ ఎవరైనా ఉంటే స్ప్లీనెక్టమీ అనే మాట వాడి, డ్యూటీ డాక్టర్‌ని పిలవమనండి.

వాళ్ళు చేయాల్సింది, మీకు తెలిసి ఉండాల్సింది ఇది: కల్చర్‌కి రక్తం తీసి వెంటనే ఐవీ యాంటీబయాటిక్ మొదలుపెట్టడం. పెద్దవాళ్ళకి సాధారణంగా సెఫ్ట్రియాక్సోన్ 2 గ్రాములు, దాంతో వాంకోమైసిన్. వాంకోమైసిన్ ఎందుకంటే న్యుమోకాకస్‌లో కొన్ని రకాలు పెన్సిలిన్ జాతి మందులకి సరిగా లొంగవు. స్కాన్లు, ఎక్స్‌రే, నడుంలో నీరు తీసే పరీక్ష, ఇవన్నీ యాంటీబయాటిక్ ఎక్కాక చేసుకోవచ్చు. రక్తం తీయడం కుదరక ఆలస్యమవుతుంటే మందు ఆపకూడదు. మలేరియా పరీక్ష కూడా పక్కనే చేయించాలి, అది వేరే ప్రశ్నలో చెప్తాను. కానీ మలేరియా పాజిటివ్ అని వచ్చినా యాంటీబయాటిక్ ఆపేయడానికి అది కారణం కాదు, రెండూ ఒకేసారి ఉండొచ్చు.

టీకాలు ఏవి వేయించుకోవాలి? ఎవరూ ఒకేలా చెప్పట్లేదు.

నిజమే, దేశాన్ని బట్టి, దొరికే టీకాని బట్టి షెడ్యూల్ మారుతుంది. అయితే లోపల ఉన్న లెక్క ఒకటే: ఆ మూడు తొడుగు బాక్టీరియాకి, ఆపైన ఫ్లూకి.

న్యుమోకాకస్‌కి రెండు తరహాల టీకాలున్నాయి. ఒకటి కాంజుగేట్, అంటే తొడుగులోని చక్కెర పదార్థాన్ని ఒక ప్రోటీన్‌కి జోడించి చేసినది. ఉత్త చక్కెరని మన శరీరం సరిగా గుర్తుపెట్టుకోదు, పక్కన ప్రోటీన్ ఉంటే బాగా గుర్తుపెట్టుకుంటుంది. పీసీవీ 13, పీసీవీ 20 ఈ తరహావి. రెండోది 23 రకాల ఉత్త చక్కెరతో చేసిన పాత టీకా, పీపీఎస్‌వీ 23. ముందు కాంజుగేట్, తర్వాతే 23. తారుమారు చేస్తే కాంజుగేట్‌కి రావాల్సిన స్పందన తగ్గుతుంది, అప్పుడు కనీసం ఏడాది ఆగి కాంజుగేట్ వేస్తారు. పెద్దవాళ్ళకి పీసీవీ 20 దొరికి వేయించుకుంటే మామూలుగా 23 అక్కర్లేదు.

మా తమ్ముడికి ఎలా వేయించామో చెప్తాను, మీకు ఒక నమూనా దొరుకుతుంది. 2024 జనవరి మొదటి వారంలో పీసీవీ 13, అదే రోజు హిబ్ ఒక డోసు, ఫ్లూ టీకా. ఫిబ్రవరి మొదటి వారంలో మెనింగోకాకస్ నాలుగు రకాల టీకా మొదటి డోసు. దీన్ని జనవరిలోనే ఎందుకు వేయలేదంటే, దొరికిన బ్రాండుని బట్టి ఒక చిక్కుంది. మెనాక్ట్రా అనే టీకాని స్ప్లీన్ లేనివాళ్ళకి పీసీవీతో కలిపి వేస్తే న్యుమోకాకస్ స్పందన తగ్గుతుంది, అందుకే పీసీవీ తర్వాత నాలుగు వారాలు ఆగుతారు. మార్చి మొదటి వారంలో, అంటే పీసీవీకి ఎనిమిది వారాలయ్యాక పీపీఎస్‌వీ 23. ఏప్రిల్‌లో, మొదటిదానికి ఎనిమిది వారాలు దాటాక, మెనింగోకాకస్ రెండో డోసు. ఆ తర్వాత 2029లో పీపీఎస్‌వీ 23 ఇంకోసారి, మెనింగోకాకస్ బూస్టర్ కూడా. మెనింగోకాకస్ బూస్టర్ ఆపైన ప్రతి ఐదేళ్ళకీ ఉంటుంది. ఫ్లూ టీకా ఏటా. ఫ్లూకి స్ప్లీన్‌తో పనిలేదు కానీ, ఫ్లూ వచ్చి ఊపిరితిత్తులు పుండైన చోటే న్యుమోకాకస్ దూరుతుంది.

ఖర్చు దాచను, పెద్దవాళ్ళకి ఇవి బయట కొనుక్కోవాల్సి వస్తుంది, ఒక్కో డోసు వేలల్లో ఉంటుంది. మేము ఒక్కో నెల ఒక్కోటి అనుకున్నాం కాబట్టి తట్టుకున్నాం. డబ్బులు ఒకదానికే ఉంటే కాంజుగేట్ న్యుమోకాకస్‌తో మొదలుపెట్టండి, ఎక్కువమందిని చంపేది అదే కాబట్టి. ఈమధ్య పుట్టిన పిల్లలకి మాత్రం హిబ్, న్యుమోకాకస్ కాంజుగేట్ సర్కారు టీకాల్లోనే ఉన్నాయి, కార్డు తీసి చూడండి, వేసినవాటిని వదిలి మిగిలినవే వేయించాలి. కోల్డ్ చైన్ గురించి ఒక మాట: టీకా కొని సంచీలో పెట్టుకుని ఎండలో బస్సెక్కకండి. ఐస్ ప్యాకుల డబ్బాలో తీసుకెళ్ళండి, ఐస్ మాత్రం సీసాకి నేరుగా తగలకూడదు, గడ్డకట్టిన టీకా పనికిరాదు.

ఆపరేషన్ ఇంకా కాలేదు, తేదీ ఇచ్చారు. ఎప్పుడు వేయించాలి?

కనీసం రెండు వారాల ముందు. స్ప్లీన్ ఉండగానే వేస్తే స్పందన బాగుంటుంది. తలసీమియా, ఐటీపీ, స్ఫిరోసైటోసిస్ లాంటి రక్తం జబ్బులకి చేసే ఆపరేషన్లు సాధారణంగా ముందే తెలిసినవి కాబట్టి సర్జన్‌ని మీరే అడగండి, "టీకాలు ఎప్పుడు?" అని. యాక్సిడెంట్‌లో తీసేసినవాళ్ళకి ఆపరేషన్ అయ్యాక రెండు వారాలకి వేస్తారు. రోగి మళ్ళీ రాడేమో అనిపిస్తే డిశ్చార్జ్ కాకముందే వేసి పంపడం మేలు. మా వాడి విషయంలో అదే జరగాల్సింది.

అన్ని టీకాలూ వేయించాం. ఇక జ్వరం వస్తే నిశ్చింతేనా?

కాదు. న్యుమోకాకస్‌లో వందకి పైగా రకాలున్నాయి, టీకాలో ఉండేవి 13 లేదా 20 లేదా 23. మెనింగోకాకస్ నాలుగు రకాల టీకాలో బి రకం లేదు. స్ప్లీన్ లేని మనిషిలో, అందులోనూ రక్తం జబ్బులున్నవాళ్ళలో, కీమో తీసుకున్నవాళ్ళలో టీకాకి యాంటీబాడీలు తక్కువగా రావొచ్చు. టీకా వల్ల ఈ జబ్బు వచ్చే అవకాశం తగ్గుతుంది, జ్వరం వచ్చిన రాత్రి చేయాల్సిన పని మాత్రం ఒక్క అడుగు కూడా తగ్గదు.

రోజూ యాంటీబయాటిక్ వేసుకోవాలా? ఎన్నాళ్ళు?

పిల్లలకి ఖచ్చితంగా. ఐదేళ్ళు వచ్చేవరకు పెన్సిలిన్ వి రోజుకి రెండుసార్లు ఇవ్వడం మామూలు, మూడేళ్ళలోపు వాళ్ళకి 125 మిల్లీగ్రాములు, ఆపైన 250. ఆపరేషన్ ఏ వయసులో జరిగినా, అది అయ్యాక ఒకటి నుంచి మూడేళ్ళ పాటు ఇస్తారు, ఎందుకంటే ఈ జబ్బు వచ్చే అవకాశం ఆ మొదటి సంవత్సరాల్లోనే ఎక్కువ. పెద్దవాళ్ళ విషయంలో డాక్టర్లలో అభిప్రాయభేదం ఉంది. కొందరు మూడేళ్ళు చాలంటారు, కొందరు జీవితాంతం అంటారు. అందరూ ఒప్పుకునేది ఒకటుంది: ఒకసారి ఈ సెప్సిస్ వచ్చి బతికినవాళ్ళు, రోగనిరోధక శక్తి ఇంకో కారణంగా కూడా తగ్గినవాళ్ళు మానకూడదు. మా తమ్ముడు రోజూ వేసుకుంటాడు.

షాపుల్లో పెన్సిలిన్ వి దొరక్కపోతే డాక్టర్లు అమాక్సిసిలిన్ రాస్తారు, పెన్సిలిన్ పడనివాళ్ళకి ఎరిత్రోమైసిన్ జాతివి. ఎక్కువమంది ఎక్కడ జారిపోతారంటే, ఏడాది బాగానే వేసుకుంటారు, ఏమీ కావట్లేదు కదా అని మానేస్తారు, డాక్టర్‌తో చెప్పరు. మానాలనుకుంటే చెప్పి మానండి, అప్పుడు కనీసం ఇంట్లో ఉంచుకునే ఎమర్జెన్సీ మాత్ర ఉందో లేదో ఆయన చూసుకుంటారు.

మా పాపకి ఆపరేషన్ జరగలేదు, సికిల్ సెల్ ఉంది. ఇది మాకూ వర్తిస్తుందా?

వర్తిస్తుంది. పాడేరు, అరకు వైపు నుంచి మందులకొచ్చే కుటుంబాలు ఈ ప్రశ్న అడుగుతూ ఉంటాయి. సికిల్ కణాలు, అంటే కొడవలిలా వంగిన ఎర్రకణాలు, స్ప్లీన్‌లోని సన్నటి నాళాల్లో ఇరుక్కుని దాన్ని కొద్దికొద్దిగా ఎండబెట్టేస్తాయి. చాలామంది పిల్లల్లో ఐదేళ్ళ లోపే అది పనిచేయడం మానేస్తుంది. కడుపు మీద కుట్లుండవు, కాగితం మీద స్ప్లీనెక్టమీ అని ఉండదు, కానీ స్ప్లీన్ లేనట్టే. రక్తం చుక్కని మైక్రోస్కోప్ కింద చూస్తే ఎర్రకణాల్లో చిన్న నల్లటి చుక్కలు కనిపిస్తాయి, హోవెల్-జాలీ బాడీలు అంటారు. మామూలుగా వాటిని స్ప్లీన్ ఏరేస్తుంది, కనిపిస్తున్నాయంటే ఏరేవాళ్ళు లేరని. సికిల్ సెల్ పిల్లలకి రోజూ పెన్సిలిన్ ఇస్తే ఈ ఇన్ఫెక్షన్లు ఎనభై శాతానికి పైగా తగ్గాయని 1986లోనే అమెరికా పరిశోధనలో తేలింది. కొండ మీది ఊళ్ళలో ఉన్నవాళ్ళకి ఇంకో మాట. ఆసుపత్రికి గంటల దూరం ఉంటుంది కాబట్టి ఇంట్లో ఉంచుకునే ఆ మొదటి డోసు మీకు మా కంటే ఎక్కువ అవసరం. సిరప్ పొడి, కలుపుకోడానికి మరిగించి చల్లార్చిన నీళ్ళు సిద్ధంగా ఉంచుకోండి.

ఆపరేషన్ తర్వాత స్కాన్‌లో చిన్న స్ప్లీన్ ముక్క కనిపించింది. అది చాలదా?

దాన్ని నమ్ముకోకండి. యాక్సిడెంట్‌లో చిట్లినప్పుడు చెదిరిన ముక్కలు కడుపులో అతుక్కుని పెరగడం ఉంటుంది. అవి కొంత పనిచేయొచ్చు, కానీ సెప్సిస్‌ని ఆపేంత పనిచేస్తాయని హామీ లేదు. టీకాలూ, జ్వరం ప్లానూ అలాగే ఉండాలి.

వీధికుక్క కరిస్తే? మలేరియా సంగతి?

కుక్క కాటు అందరికీ రేబీస్ భయం, వీళ్ళకి అదనంగా ఇంకొకటి. కుక్క నోట్లో ఉండే కాప్నోసైటోఫాగా అనే బాక్టీరియా స్ప్లీన్ లేనివాళ్ళలో సరిగ్గా ఇలాంటి సెప్సిస్‌నే తెస్తుంది. చిన్న గీత అయినా సరే పదిహేను నిమిషాలు సబ్బు, పారే నీళ్ళతో కడిగి, రేబీస్ టీకా మొదలుపెట్టి, అదే రోజు డాక్టర్‌తో అమాక్సిసిలిన్-క్లావులనేట్ కోర్సు రాయించుకోండి. పెంపుడు కుక్క అయినా ఇదే.

మలేరియా పరాన్నజీవి ఉన్న ఎర్రకణాల్ని ఏరేసేది కూడా స్ప్లీనే, కాబట్టి వీళ్ళకి మలేరియా ముదిరిపోతుంది. ఏజెన్సీ ప్రాంతానికి వెళ్ళేటప్పుడు దోమతెర, ఒంటికి రాసుకునే క్రీము తప్పనిసరి. ఎక్కువ రోజులుండాల్సొస్తే ముందుజాగ్రత్త మందు గురించి డాక్టర్‌ని అడగండి.

ఈ జాగ్రత్త ఎన్నేళ్ళు?

జీవితాంతం. మొదటి రెండు మూడేళ్ళలో ప్రమాదం ఎక్కువే కానీ, ఆపరేషన్ అయిన ఇరవై ఏళ్ళకి వచ్చినవాళ్ళూ ఉన్నారు. మా తమ్ముడికి ఐదేళ్ళకి వచ్చింది.

రోజూ మీ తమ్ముడు ఏం చేస్తాడు?

పర్సులో ఆధార్ వెనకాల ఒక కార్డు ఉంటుంది, లామినేషన్ చేయించాం. తెలుగులోనూ ఇంగ్లీషులోనూ స్ప్లీన్ లేదు అని, ఏ టీకా ఏ తేదీన వేశారో, మందుల అలర్జీ లేదని, నా ఫోన్ నంబరు. ఫోన్ లాక్ స్క్రీన్ మీద అదే ఫోటో పెట్టాడు, స్పృహ లేనప్పుడు పర్సు వెతికేవాళ్ళుండరని. ఒక గ్రాము మాత్రల స్ట్రిప్ ఇంట్లో ఫ్రిజ్ పైన ఒకటి, ఆఫీసు బ్యాగులో ఒకటి. బండి డిక్కీలో పెట్టేవాడు, ఎండకి మాత్రలు రంగుమారితే నేనే తీయించేశాను. ప్రతి ఉగాదికి వాటి ఎక్స్‌పైరీ చూస్తాను. పోయిన సెప్టెంబర్‌లో ఒక రాత్రి పదకొండింటికి 101 వచ్చింది. మాత్ర మింగి నలభై నిమిషాల్లో ఆసుపత్రిలో ఉన్నాడు, ఇంజెక్షన్ ఎక్కించారు, కల్చర్‌లో ఏమీ పెరగలేదు, వైరల్ అని మూడో రోజు ఇంటికి పంపించారు. బిల్లు చూసి మరదలు "అనవసరంగా వెళ్ళామేమో బావగారూ" అంది. మళ్ళీ వస్తే మళ్ళీ వెళ్దాం అన్నాను.